ఒకే ఫొటో, రెండు ఎడిట్లు

ఒకే ఫొటోకు చేసిన రెండు ఎడిట్లు పక్కపక్కన పెడితే, కన్ను ముందుగా కాస్త వెలుతురు ఎక్కువగా ఉన్నదాని వైపు మొగ్గుతుంది. వెలుతురు సమానంగా ఉంటే రంగులు చిక్కగా ఉన్నదాని వైపు, రంగులూ సమానమైతే అంచులు పదునుగా ఉన్నదాని వైపు పోతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతుంది. చూసినవారు ఆ తర్వాత తీరిగ్గా కారణాలు వెతుక్కుంటారు. చిక్కేమిటంటే, మోతాదు మించితే ఫొటోను పాడుచేసేవి కూడా సరిగ్గా ఇవే. అందుకే రెండు ఎడిట్ల మధ్య తేడా చాలా తక్కువగా ఉన్నప్పుడు ‘ఏది బాగుంది’ అని అడిగితే తప్పుడు జవాబు రావడానికే అవకాశం ఎక్కువ. ఏ తేడా ఎక్కడ ఉంది, ఆ తేడా చివరికి ఫొటో చూసే చోట కనిపిస్తుందా అన్న ప్రశ్నలతో మొదలుపెడితే జవాబు నిలకడగా వస్తుంది.

ఉదాహరణకు ఒక పెళ్లి ఫొటో తీసుకోవచ్చు. తలంబ్రాల వేళ పెళ్లికూతురిని దగ్గరగా తీసిన ఫొటో. ఎర్ర అంచు తెల్ల మధుపర్కం చీర, నుదుట బాసికం, ముక్కుపుడక, బుగ్గచుక్క, జడలో మల్లెలు, బుగ్గల మీద ఇంకా పూర్తిగా పోని పసుపు ఛాయ. వెనక మసకగా బంతిపూల మండపం, పచ్చటి బల్బులు. 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఒకే రా ఫైలు నుంచి రెండు ఎడిట్లు తయారయ్యాయి. ఫ్రేమింగ్ ఒక్కటే, వెనక మసక ఒక్కటే. రెండోది కొద్దిగా వెలుతురుగా, కొద్దిగా పదునుగా ఉంది. చర్మం నున్నగా, రంగులు ‘సినిమా’ లాగా ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు ఫోన్‌లో పంపితే పదిమందిలో ఎక్కువమంది రెండోదే ఎంచుకుంటారు. ఆల్బమ్‌కు కూడా అదే సరైనదా అన్నది తేల్చాలి.

ముందుగా రెండూ ఒకే తెర మీద, ఒకే సైజులో ఉండాలి. రాత్రిపూట తెరను పచ్చగా మార్చే సెట్టింగు, గది వెలుతురును బట్టి రంగు తనంతట తాను మార్చుకునే సెట్టింగు ఆపేయాలి. తెర వెలుతురు పూర్తిగా పెంచి చూస్తే నీడలన్నీ తెరుచుకున్నట్టు కనిపించి, ప్రింటు వచ్చాక నల్లబడినట్టు అనిపిస్తుంది. ఫొటో చుట్టూ తెలుపో నలుపో కాకుండా బూడిదరంగు ఉండటం మేలు. ఎందుకంటే నల్లటి నేపథ్యంలో అదే ఫొటో వెలుతురుగానూ, తెల్లటి నేపథ్యంలో మసగ్గానూ తోస్తుంది.

ఆ తర్వాత రెంటినీ పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకే చోట మార్చి మార్చి చూడాలి. పక్కపక్కన ఉన్నప్పుడు కన్ను ఒకదాని నుంచి మరోదానికి వెళ్లేలోపు చిన్న వివరాలు జ్ఞాపకంలోంచి జారిపోతాయి. ఒకే చోట మారితే తేడా ఉన్న చోటు కదిలినట్టు కనిపిస్తుంది, కదలికను కన్ను ఇట్టే పడుతుంది. 1930లో క్లైడ్ టాంబా ప్లూటోను కనిపెట్టింది ఈ కిటుకుతోనే. వేర్వేరు రాత్రుల్లో తీసిన రెండు ఆకాశపు ఫొటోలను ఒక యంత్రంలో మార్చి మార్చి చూస్తే, వేల చుక్కల మధ్య ఒక్క చుక్క మాత్రం గెంతుతూ కనిపించింది. ఫొటోషాప్‌లో అయితే రెండు ఎడిట్లను రెండు లేయర్లుగా పెట్టి, పై లేయరును డిఫరెన్స్ మోడ్‌లోకి మారిస్తే తేడా లేని చోటంతా నల్లగా అయిపోతుంది. తేడా ఉన్న చోటే వెలుగుతుంది. ఆ చిత్రం మరీ చీకటిగా ఉంటే దాని వెలుతురు పెంచి చూడవచ్చు. ఏ ఎడిట్ మంచిదో ఇది చెప్పదు, ఎక్కడ చూడాలో మాత్రం చెబుతుంది. పై ఉదాహరణలో అది చూపించేవి ఈ చోట్లు: జుట్టు, బాసికం అంచులు, బుగ్గలు, నుదురు, మండపపు నీడలు.

అసలు పరిశీలనకు ముందు ఇంకో పని ఉంది. వెలుతురు ఎక్కువగా ఉన్న ఎడిట్‌కు ఒక కాపీ తీసుకుని, ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించి, రెండోదానికి సమానం చేయాలి. రెంటిలోనూ చెంప మీద ఒకే చోటు ఒకే వెలుతురుతో ఉంటే చాలు. ఇలా చేశాక మొదట్లో ఉన్న మోజు మాయమైతే, అది వెలుతురు మీది మోజే తప్ప ఎడిట్ మీదిది కాదు. ఫైళ్ల పేర్లు కూడా కనిపించకపోతే మంచిది. ‘ఫైనల్’ అన్న పేరున్న ఫైలుకు ‘ఫైనల్’ కాబట్టే ఒక ఓటు ముందుగా పడిపోతుంది. రాత్రంతా కూర్చుని చేసిన ఎడిట్‌కు కూడా అంతే.

ఇక పదును సంగతి. షార్పెనింగ్ ఫొటోలో లేని వివరాన్ని తీసుకురాదు. ఉన్న అంచుకు రెండు వైపులా వెలుతురు తేడాను పెంచుతుంది. చీకటి గదిలో ఫిల్మ్ కడిగే రోజుల్లో నెగటివ్ మీద దాని మసక పాజిటివ్‌ను పల్చగా పరిచి ప్రింటు తీసేవారు. ఆ పద్ధతి పేరే ఈనాటికీ సాఫ్ట్‌వేర్‌లో ‘అన్‌షార్ప్ మాస్క్’గా మిగిలింది. అంకెల్లో చెప్పాలంటే, 0 నలుపు, 255 తెలుపు అనుకుంటే, జుట్టు వెలుతురు 60, దాని వెనక మండపం వెలుతురు 150 ఉన్న చోట, షార్పెనింగ్ జుట్టు అంచును 40కి దించి, మండపం అంచును 170కి పెంచుతుంది. అంచు రెండు వైపులా ఇలా గట్టిపడటం వల్ల కన్ను దాన్ని పదును అనుకుంటుంది. రెండు ఛాయలు కలిసే చోట తేడాను ఎక్కువ చేసి చూడటం కంటికి స్వతహాగా ఉన్న గుణమే. ఎర్న్‌స్ట్ మాక్ 1865లో ఈ సంగతి వివరించాడు. షార్పెనింగ్ ఆ గుణానికి ఊతం ఇస్తుంది.

మోతాదు మించినప్పుడు ఆ 170 కాస్తా 200, 220 అవుతుంది, పైగా వెడల్పవుతుంది. అప్పుడు జుట్టు చుట్టూ సన్నని తెల్ల గీత గీసినట్టు కనిపిస్తుంది. దీన్నే హేలో అంటారు. దీన్ని వెతకాల్సింది కళ్లలో కాదు. కళ్లు, కనురెప్పల వెంట్రుకలు పదునుగా ఉంటే అందరికీ నచ్చుతుంది కాబట్టి అక్కడ తప్పు దాగిపోతుంది. నల్లటిది తెల్లటిదాన్ని తాకే చోట చూడాలి. మసక నేపథ్యం మీద జుట్టు, తెల్ల చీర మీద ఎర్ర అంచు, భుజం వెనక మండపం అలాంటివి. మల్లెపూలు మరో మంచి పరీక్ష. తెల్లటి రేకులకు ఇంకా తెల్లబడే వీలు లేదు కాబట్టి, పదును ఎక్కువైతే రేకుల మధ్య నీడలు నల్లటి గీతలుగా మారి, పువ్వులు కాగితం కత్తిరించి చేసినట్టు అవుతాయి. అలాగే వెనక మసకలో గరుకుదనం కనిపిస్తే, అక్కడ పదునెక్కింది వివరం కాదు, కెమెరా నాయిస్.

ఇదంతా చూడాల్సింది వంద శాతం జూమ్‌లో, అంటే ఫొటోలోని ఒక పిక్సెల్ తెర మీద ఒక పిక్సెల్‌గా ఉన్నప్పుడు. అరవై ఏడు శాతం లాంటి మధ్య అంకెల్లో సాఫ్ట్‌వేర్ పిక్సెళ్లను కలిపి చూపిస్తుంది కాబట్టి పదును ఎక్కువో తక్కువో తెలియదు. మూడు వందల శాతంలో మాత్రం ప్రపంచంలో ఏ ఫొటో అయినా తప్పుగానే కనిపిస్తుంది. వంద శాతంలో తప్పు ఉందో లేదో తెలుసుకుని, దాన్ని ఫొటో చివరికి కనిపించే సైజులో తూచాలి.

ఆ తూకంలో అంకెలు సాయం చేస్తాయి. పెళ్లి ఆల్బమ్‌లకు పన్నెండు అంగుళాల ఎత్తు, ముప్పై ఆరు అంగుళాల వెడల్పు షీటు మామూలే. 4000 పిక్సెళ్ల ఎత్తున్న ఫొటోను పన్నెండు అంగుళాలకు ప్రింటు చేస్తే ఒక మిల్లీమీటరుకు సుమారు 13 పిక్సెళ్లు పడతాయి. ఆల్బమ్‌ను ఒళ్లో పెట్టుకుని చూసే దూరంలో మామూలు కన్ను మిల్లీమీటరులో పదో వంతు దాకా విడదీసి చూడగలదు. కాబట్టి ఒక పిక్సెల్ వెడల్పు హేలో ప్రింటులో కలిసిపోయి పదునుగానే అనిపిస్తుంది. ఐదు పిక్సెళ్ల హేలో మాత్రం మిల్లీమీటరులో మూడో వంతుకు పైగా వెడల్పుతో తెల్ల గీతగా బయటపడుతుంది. అదే ఫొటో 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర మీదకు వెళ్తే అయిదు రెట్లకు పైగా కుదించుకుపోతుంది. ఐదు పిక్సెళ్ల హేలో అక్కడ ఒక పిక్సెల్ కూడా ఉండదు. గీత మాయమై, అది తెచ్చిన గట్టిదనం మాత్రం మిగులుతుంది. ఫోన్‌లో రెండో ఎడిట్ అంత చక్కగా ఎందుకు కనిపించిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంట్లోవాళ్ల కన్ను తప్పు కాదు, వాళ్లు చూసిన సైజు వేరు.

చర్మం విషయంలో తీర్పు ఇంతకంటే కష్టం. ఇక్కడ కొలతతో పాటు మనుషుల ఆశ కూడా కలుస్తుంది. చర్మం మీద మార్పు రెండు రకాలు. ఒకటి పెద్ద మచ్చలు, ఎరుపు, అక్కడక్కడా నల్లబడటం లాంటి రంగు హెచ్చుతగ్గులను సర్దటం. రెండోది స్వేదరంధ్రాలు, సన్నని నూగు, గీతల లాంటి సూక్ష్మమైన గరుకుదనాన్ని చెరపటం. జాగ్రత్తగా పనిచేసే రీటచర్ ఈ రెంటినీ వేర్వేరు లేయర్లుగా విడదీసి, మొదటిదాన్ని సరిచేసి రెండోదాన్ని దాదాపు ముట్టుకోకుండా వదిలేస్తాడు. ఒక్క స్లైడర్‌తో పని ముగించే ఫిల్టర్లు సాధారణంగా రెంటినీ కలిపి నునుపు చేస్తాయి. నిలిచి ఉండేవి ఉంచి, నాలుగు రోజుల్లో పోయేవి తీసేయటం ఈ వృత్తిలో పాత పద్ధతి. పెళ్లికి ముందు రోజు లేచిన మొటిమ పోవచ్చు, పుట్టుమచ్చ పోకూడదు. ముహూర్తపు వేడికి నుదుట మెరిసిన చెమట తగ్గించటంలోనూ తప్పు లేదు.

పై ఉదాహరణలో రెండు ఎడిట్ల తేడా బుగ్గచుక్క దగ్గర బయటపడుతుంది. దిష్టి తగలకుండా కాటుకతో పెట్టిన చుక్కకు అంచు పూర్తిగా గుండ్రంగా ఉండదు, చర్మపు గరుకు మీద కొద్దిగా చెదిరి ఉంటుంది. మొదటి ఎడిట్‌లో ఆ చెదురు అలాగే ఉంది. రెండోదానిలో చుక్క మెత్తని నేల మీద ఇంకినట్టు మసకబారి, దాని చుట్టూ బూడిదరంగు వలయం వచ్చింది. నునుపు చేసే ఫిల్టరు చుక్క నలుపును పక్క చర్మంలోకి లాగిందన్నమాట. ముక్కుపుడక చుట్టూ, కనుబొమల చివర, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట కూడా ఇదే జాడ దొరుకుతుంది. చుక్కను మచ్చ అనుకుని పూర్తిగా చెరిపేసే ఫిల్టర్లూ లేకపోలేదు. అలాంటి ఎడిట్‌ను మిగతాదంతా చూడకుండానే పక్కన పెట్టవచ్చు.

రెండో గుర్తు పొంతన లేకపోవటం. ముఖం నున్నగా ఉండి, చెవి, మెడ, తలంబ్రాలు పోస్తున్న చేతులు మామూలుగా ఉంటే కన్ను కారణం తెలియకుండానే ఇబ్బంది పడుతుంది. కెమెరా నాయిస్ విషయంలోనూ అంతే. చీర మీద సన్నని గరుకు ఉండి చెంప మీద మాత్రం ఏమీ లేకపోతే, ఆ చెంప వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించినట్టు ఉంటుంది. కళ్లను, పెదవులను వేళ్లతో కప్పి చెంపను మాత్రమే చూస్తే ఈ తేడా సులువుగా తెలుస్తుంది. మిగిలిన ముక్క చర్మమని గుర్తుపట్టగలిగితే సరే, మైనమో ప్లాస్టిక్కో అనిపిస్తే ఫిల్టరు మితిమీరినట్టే.

మూడో గుర్తు ముఖం ఆకారం. కంటి కింది లోతు, నవ్వినప్పుడు ముక్కు పక్క నుంచి దిగే గీత, దవడ కింది నీడ ఇవే చదునైన కాగితం మీద ముఖానికి గుండ్రదనం ఇస్తాయి. వాటిని పూర్తిగా తుడిచేస్తే పెదవులు నవ్వుతూ ఉంటాయి, బుగ్గలు నవ్వవు. ఈ తప్పు ఫోన్ సైజులో కూడా కనిపిస్తుంది కాబట్టి, స్వేదరంధ్రాలు పోవటం కంటే దీని బరువు ఎక్కువ.

నునుపుతో పాటు మన స్టూడియోల్లో చడీచప్పుడు లేకుండా జరిగిపోయే మరో పని ముఖం రంగు తెల్లబరచటం. అడగకపోయినా చేస్తారు. చేతులు, మెడ పాత రంగులోనే ఉండిపోతాయి కాబట్టి దీన్ని పట్టుకోవటం కష్టం కాదు. రీటచింగ్ ఎక్కడ ఆగాలన్న ప్రశ్న ప్రకటనల్లో చట్టాల దాకా వెళ్లింది. 2011లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ జూలియా రాబర్ట్స్, క్రిస్టీ టర్లింగ్టన్ ఉన్న రెండు సౌందర్య సాధనాల ప్రకటనలను, రీటచింగ్ అతి కాలేదని కంపెనీ చూపించలేకపోయినందుకు ఆపించింది. నార్వేలో 2022 నుంచి శరీరాకృతినో చర్మాన్నో మార్చిన ప్రకటన మీద ఆ సంగతి రాయాలి. పెళ్లి ఆల్బమ్‌కు అలాంటి చట్టం లేదు. పెళ్లికూతురికి అభ్యంతరం ఉందా లేదా అన్నదే అక్కడ చట్టం.

కలర్ గ్రేడింగ్‌లో మొదట తెలుసుకోవాల్సింది, కన్ను ఏ ఛాయకైనా కొద్దిసేపట్లో అలవాటుపడిపోతుందని. రెండో ఎడిట్‌ను నిమిషం సేపు చూస్తూ కూర్చుంటే దాని నారింజ ఛాయే సహజమనిపించి, మొదటిది నీలంగా, ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. వరస తిప్పి చూస్తే అభిప్రాయమూ తిరగబడుతుంది. కాబట్టి ఒక అర నిమిషం తెర మీద బూడిదరంగునో, పగలైతే కిటికీ బయటకో చూసి, తర్వాత ఎడిట్‌ను తెరిచి మొదటి రెండు మూడు సెకన్లలో ఛాయ ఎటు మొగ్గిందో గుర్తుపెట్టుకోవాలి. వెలుతురు, పదును విషయంలో మోసం చేసే మొదటి చూపు ఛాయ విషయంలో మాత్రం నమ్మదగినది. వెలుతురు సమానం చేశాకే సుమా.

నీడలను నీలి ఆకుపచ్చ వైపు, చర్మాన్ని నారింజ వైపు తోసే గ్రేడింగ్ సినిమాల నుంచి వచ్చింది. కోయెన్ సోదరుల 2000 నాటి సినిమా ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ’లో, మిసిసిపీ వేసవి పచ్చదనాన్ని కంప్యూటరులో ఎండిన పసుపుగా మార్చారు. సినిమా అంతటికీ డిజిటల్‌గా రంగు మార్చిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. నారింజ, నీలి ఆకుపచ్చ రంగుచక్రంలో ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి మనిషి నేపథ్యం నుంచి విడివడి ముందుకొచ్చినట్టు ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. తోపు ఎంత అన్నదే ప్రశ్న.

దాన్ని తేల్చటానికి, అసలు రంగు అందరికీ తెలిసిన వస్తువులను వెతకాలి. ఈ ఫొటోలో అవి మల్లెలు, మధుపర్కం తెలుపు, నల్లటి జుట్టు. మధుపర్కం కాస్త పాలతెలుపుగా ఉండటం సహజమే. మండపపు బల్బుల వల్ల ఇంకాస్త వెచ్చబడటమూ సహజమే. ఆ వెచ్చదనం చీరలోనూ చర్మంలోనూ ఒకే వైపు ఉంటే గ్రేడింగ్ మొత్తం దృశ్యానికి ఒక మూడ్ ఇచ్చినట్టు. రెండో ఎడిట్‌లో చీర మడతల నీడలు, జుట్టు నలుపు నీలి ఆకుపచ్చకు తిరిగాయి, బుగ్గలు మాత్రం నారింజలోకి వెళ్లాయి. ఒకే వెలుతురులో ఉన్న రెండు వస్తువులు రెండు దిక్కులకు పోవటం కంటికి అసహజంగా తోస్తుంది.

చర్మానికి ఒక చిత్రమైన సౌలభ్యం ఉంది. తెల్లగా ఉన్నవారైనా, చామనఛాయవారైనా, నల్లగా ఉన్నవారైనా చర్మపు వన్నె దాదాపు ఒకే వైపు, ఎరుపు పసుపుల మధ్య పడుతుంది. అది మెలనిన్, దాని కింది రక్తం కలిసి ఇచ్చే వన్నె. మనుషుల మధ్య ఎక్కువగా మారేది వెలుతురు, గాఢత. అందుకే వీడియో ఎడిటింగ్‌లో రంగును కొలిచే వెక్టర్‌స్కోప్ మీద చర్మానికి ఒకే గీత గీసి ఉంటుంది. ఫొటోలో చెంప మీద కర్సర్ పెట్టి అంకెలు చూసినా చాలు. మొదటి ఎడిట్‌లో ఎరుపు 186, ఆకుపచ్చ 138, నీలం 108 అనుకుంటే మామూలు చామనఛాయ. రెండోదానిలో 208, 134, 84 ఉంటే ఎరుపుకూ నీలానికీ మధ్య దూరం 78 నుంచి 124కు పెరిగింది. ఇలాంటి చర్మం ప్రింటులో ఇటుక రంగుకు దగ్గరవుతుంది. అయితే ఈ ఫొటోలో పసుపు ఉంది కాబట్టి అంకెలను గుడ్డిగా నమ్మకూడదు. పెళ్లికూతురి బుగ్గల మీది పసుపు ఛాయ నిజంగా ఉన్నదే. దాన్ని లోపమనుకుని గులాబీ రంగుకు దిద్దిన ఎడిట్ అంకెల్లో సరిగ్గానే ఉన్నా, పెళ్లి నాటి ముఖాన్ని చూపించదు.

రంగుల గాఢతకు బంతిపూలు, ఎర్ర అంచు పరీక్ష పెడతాయి. ఎరుపు అంకె 255 తాకి అక్కడే ఆగిపోతే రేకుకూ రేకుకూ తేడా పోయి పువ్వు ఒక నారింజ ముద్దగా మారుతుంది. అంచులో నేత కనిపించదు. మొత్తం వెలుతురును చూపించే హిస్టోగ్రాము ఇక్కడ బాగానే ఉన్నట్టు చెబుతుంది. ఎరుపు హిస్టోగ్రామును విడిగా తెరిస్తే కుడి గోడకు గుద్దుకున్న సంగతి తెలుస్తుంది.

ఇన్ని చూశాక తప్పులను లెక్కపెట్టి తక్కువ వచ్చినదాన్ని ఎంచుకోవటం సరికాదు. అన్ని తప్పుల బరువూ ఒకటి కాదు. ఛాయ మొగ్గితే చివర్లోనైనా చాలావరకు వెనక్కి తేవచ్చు. హేలో ఒకసారి ఫైలులో కలిసిపోతే తీయలేరు. చెరిగిన చర్మం, 255 దగ్గర ఆగిన ఎరుపు తిరిగి రావు, రా ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఈ లెక్కన ఆల్బమ్ షీటుకు మొదటి ఎడిట్‌దే పైచేయి. అది చప్పగా అనిపిస్తే రెండోదానిలో ఉన్న వెలుతురును మాత్రం దానికి ఇచ్చి, ఆ షీటులో పక్కన వచ్చే ఫొటోలతో కలిపి ఒకసారి చూడాలి. పక్క ఫొటోల్లో చర్మం ఒక రంగులో, ఇందులో మరో రంగులో ఉంటే విడిగా ఎంత బాగున్నా అతకదు. ఫోన్లలో పంచుకోవటానికి రెండో ఎడిట్‌నే వాడుకోవచ్చు, కాకపోతే బుగ్గల నునుపు సగానికి తగ్గించి, నవ్వు గీతలు తిరిగి తెచ్చాక. మెసేజింగ్ యాప్‌లు ఫొటోను కుదించి, చిన్న చిన్న గళ్లుగా నొక్కేస్తాయి కాబట్టి, పంపాక అవతలి ఫోన్‌లో ఎలా ఉందో చూసి తేల్చుకోవటం మంచిది.

కొన్నిసార్లు వెలుతురు సమానం చేసి, పేర్లు దాచి, వరస మార్చి చూసినప్పుడు జవాబు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఉదయం మొదటిది, సాయంత్రం రెండోది నచ్చుతుంది. ప్రింటు సైజులో చూసినా అంతే అయితే, ఆ రెండు ఎడిట్ల మధ్య కంటికి ఆనే తేడా లేదని అర్థం. ఏది పంపినా ఫరవాలేదు.